పిడుగు పడ్డాక టీవీ, వైఫై బాక్స్ ఆగిపోతే ముందు ఏం చూడాలి? ఏది బాగవుతుంది, ఏది కాదు?

ఏప్రిల్, మే నెలల్లో మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వైపు పగలంతా ఎండ మండిపోతుంది. సాయంత్రం అయ్యేసరికి నల్లమల వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తుంది. గాలి, ఉరుములు, నాలుగు చినుకులు, ఆ వెంటనే కరెంటు పోవడం. మళ్లీ కరెంటు వచ్చాక చూస్తే టీవీలో ఎర్ర లైటు ఉండదు, వైఫై బాక్స్ వెలగదు. 'పిడుగుకు పోయింది, ఇక కొత్తది కొనాల్సిందే' అని ఇంట్లో ఎవరో ఒకరు తేల్చేస్తారు. చాలాసార్లు అది తొందరపాటే. కొన్నిసార్లు అదే నిజం. ఏది ఏదో తెలుసుకోవడానికి ఒక వరుస ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో పిడుగులు ఎంతగా పడతాయో 2018 ఏప్రిల్ 24న అందరికీ తెలిసొచ్చింది. ఆ ఒక్క రోజు 13 గంటల వ్యవధిలో రాష్ట్రంలో 36,749 పిడుగులు నమోదైనట్టు విపత్తుల నిర్వహణ సంస్థ ప్రకటించింది. అన్ని పిడుగులు పడినా నేరుగా ఇంటి మీద పడేవి చాలా తక్కువ. వస్తువులు పోయేది ఎక్కువగా దూరంగా ఎక్కడో కరెంటు లైను మీదో, దాని పక్కనో పడిన పిడుగు వల్ల. ఆ దెబ్బ తీగల వెంట ఇంట్లోకి వస్తుంది. కాబట్టి వస్తువు పోయినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న, దెబ్బ ఏ తీగ వెంట వచ్చింది అని. కరెంటు తీగ వెంట వస్తే బాగయ్యే అవకాశం ఎక్కువ. డిష్ కేబులో, నెట్ కేబులో పట్టుకుని వస్తే తక్కువ. మిగతా లెక్కంతా దీని మీదే నడుస్తుంది.

అసలు అది పిడుగేనా?

గాలివాన రోజున పోయిన వస్తువులన్నీ పిడుగు ఖాతాలో వేయడం అలవాటు. నిజానికి చాలా ఇళ్లల్లో అసలు దోషి స్తంభం మీద తెగిన న్యూట్రల్ తీగ. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వీధికి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ వస్తాయి. ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య ఉండేది 230 వోల్టులు. రెండు ఫేజుల మధ్య ఉండేది 400. గాలికి చెట్టు కొమ్మ పడి వీధిలోని న్యూట్రల్ తెగిందనుకోండి. అప్పుడు ఒక ఫేజు మీదున్న ఇళ్లు, ఇంకో ఫేజు మీదున్న ఇళ్లు ఒకదానికొకటి ముడిపడి ఆ 400ను పంచుకుంటాయి. పంపకం సమానంగా ఉండదు. తక్కువ సామాను నడుస్తున్న ఇంటికి ఎక్కువ వోల్టేజీ వెళ్తుంది. ఒక ఇంట్లో బల్బులు మిరుమిట్లు గొలుపుతుంటే ఎదురింట్లో మసకగా వెలుగుతాయి.

పిడుగు దెబ్బ సెకనులో లక్షో వంతు లెక్కల్లో వచ్చి పోతుంది. న్యూట్రల్ తెగితే 300 పైన వోల్టేజీ నిమిషాల తరబడి నిలబడుతుంది. అందుకే రెండూ వేర్వేరు గుర్తులు వదులుతాయి. న్యూట్రల్ పోయినప్పుడు ఆ సమయంలో స్విచ్చు వేసి ఉన్నవన్నీ దెబ్బతింటాయి. ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఫ్రిజ్, టీవీ వరసగా పోతాయి. స్విచ్చు ఆపి ఉన్నవి మాత్రం బతికిపోతాయి. వీధిలో ఇంకో నాలుగిళ్లలో కూడా ఇదే కథ వినిపిస్తుంది. పిడుగు అలా కాదు, స్విచ్చు ఆపి ఉన్నదాన్ని కూడా ప్లగ్గు పెట్టి ఉంటే కొట్టగలదు. కరెంటు తీగతో పాటు ఇంకో కేబుల్ కూడా తగిలించి ఉన్న వస్తువునే ఎక్కువగా ఎంచుకుంటుంది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, న్యూట్రల్ ఇంకా తెగే ఉంటే ఇంట్లో పెట్టిన కొత్త అడాప్టర్ కూడా కాలిపోతుంది. బల్బు మామూలు కన్నా ఎక్కువగా వెలుగుతున్నా, ఫ్యాను అరుస్తూ తిరుగుతున్నా వెంటనే మెయిన్ ఆపేయాలి. విద్యుత్ సంస్థ టోల్‌ఫ్రీ నంబరు 1912కు గానీ లైన్‌మన్‌కు గానీ చెప్పాలి. స్తంభం నుంచి ఇంటికొచ్చే సొంత న్యూట్రల్ మాత్రమే ఊడిపోతే సంగతి వేరు. అప్పుడు ఇంట్లో ఏదీ పనిచేయదు, కానీ సాకెట్ రెండు కన్నాల్లోనూ టెస్టర్ వెలుగుతుంది. టెస్టర్ వెలిగింది కాబట్టి కరెంటు బాగుందని అనుకోకూడదు. అది వోల్టేజీ ఉందని చెబుతుంది గానీ ఎంత ఉందో చెప్పదు.

ఒక ఇంటి ఉదాహరణ

మార్కాపురంలో ఒక ఇల్లు అనుకుందాం. పైకప్పు మీద డిష్, హాల్లో టీవీ, దాని కింద సెట్‌టాప్ బాక్స్, పక్కన ఫైబర్ నెట్ బాక్స్. మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో ప్లగ్గు పెట్టి ఉన్నాయి. దగ్గర్లో పిడుగు పడ్డ చప్పుడైంది, కరెంటు పోయింది. రెండు గంటల తర్వాత కరెంటు వచ్చింది. లైట్లు, ఫ్యాన్లు మామూలుగానే ఉన్నాయి, ఫ్రిజ్ తిరుగుతోంది. టీవీ, సెట్‌టాప్ బాక్స్, నెట్ బాక్స్ మూడింట్లో దేంట్లోనూ లైటు లేదు.

మూడూ ఒకేసారి పోయాయంటే మొదట అనుమానించాల్సింది మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని. ఎక్స్‌టెన్షన్ బాక్స్‌ను పక్కనపెట్టి, గోడ సాకెట్‌లో మామూలు టేబుల్ ల్యాంపో, ఫోన్ చార్జరో పెట్టి చూడాలి. వెలగకపోతే ఆ గది ఎంసీబీ పడిపోయి ఉండొచ్చు. పాత ఇళ్లలో అయితే పింగాణీ ఫ్యూజులో తీగ కాలి ఉండొచ్చు. ఫ్యూజు తీగ మార్చేటప్పుడు మెయిన్ ఆపి, అంతకు ముందున్న మందమే వేయాలి. చేతికి దొరికిన రాగి తీగను మెలేసి పెట్టడం మన దగ్గర బాగా అలవాటు. అలాంటి ఫ్యూజు ఇంకెప్పటికీ కాలదు. దాని బదులు గోడలోని వైరు కాలుతుంది.

ఈ ఇంట్లో గోడ సాకెట్ బాగానే ఉంది. మల్టీమీటర్‌ను ఏసీ 750 దగ్గర పెట్టి చూస్తే 236 చూపించింది. 207 నుంచి 253 మధ్య ఎంతున్నా భయం లేదు. 270 దాటితే ఏ వస్తువూ పెట్టకుండా లైన్‌మన్ కోసం ఆగాలి. మల్టీమీటర్ వాడటం తెలియనివాళ్లు ఈ పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయాలి. ఎర్ర తీగను ఆంపియర్ల కన్నంలో పెట్టి సాకెట్‌లో గుచ్చితే అక్కడే పేలుతుంది.

తప్పు ఎక్స్‌టెన్షన్ బాక్స్‌దని తేలింది. 'స్పైక్ గార్డ్' అని రాసి ఉండే ఇలాంటి బాక్సుల్లో ఒక చిన్న గుండ్రటి బిళ్ల ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని ఎంఓవీ అంటారు. మామూలు వోల్టేజీలో అది ఏమీ చేయదు. వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసినప్పుడు దారి తెరిచి, ఆ దెబ్బను తన మీద వేసుకుంటుంది. దెబ్బ పెద్దదైతే తాను కాలిపోయి, పక్కనున్న ఫ్యూజును కూడా తీసుకుపోతుంది. బాక్స్ చచ్చిపోయిందంటే ఒక రకంగా అది తన పని చేసినట్టే. దాన్ని తెరిచి తీగలు నేరుగా కలిపి మళ్లీ వాడటం మాత్రం వద్దు. అప్పుడది రక్షణ లేని ఉత్త ప్లగ్గుల పెట్టె అవుతుంది.

అడాప్టర్: సగం కేసులు ఇక్కడే తేలతాయి

నెట్ బాక్స్‌ను నేరుగా గోడ సాకెట్‌లో పెట్టినా వెలగలేదు. ఇక్కడ చాలామంది 'బాక్స్ పోయింది' అని ఆపరేటర్‌కు ఫోన్ చేస్తారు. కానీ బాక్స్‌కు, కరెంటుకు మధ్య అడాప్టర్ అనే గోడ ఉంది. దెబ్బ కరెంటు వైపు నుంచి వస్తే మొదట తగిలేది దానికే.

అడాప్టర్ మీద చిన్న అక్షరాల్లో అవుట్‌పుట్ అని రాసి ఉంటుంది. ఈ ఇంట్లోని దాని మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంది. బాక్స్ నుంచి పిన్ను తీసేసి, మల్టీమీటర్‌ను డీసీ 20 దగ్గర పెట్టి, ఎర్ర కొసను పిన్ను లోపలి కన్నంలో, నల్ల కొసను బయటి అంచుకు ఆనించి చూడాలి. 12కు దగ్గరగా ఏదైనా చూపిస్తే ప్రాణం ఉన్నట్టే. సున్నా చూపిస్తే పోయినట్టే. అరుదుగా 17, 18 చూపించే అడాప్టర్లు కూడా తగులుతాయి. లోపల వోల్టేజీని అదుపు చేసే భాగం దెబ్బతిన్నదని దానర్థం. పొరపాటున కూడా దాన్ని బాక్స్‌కు పెట్టకూడదు. బతికున్న బాక్స్‌ను అదే చంపేస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. ఒట్టిగా కొలిస్తే 12 చూపించిన అడాప్టర్, బాక్స్‌కు తగిలించగానే కూలిపోవచ్చు. దీనికి మీటర్ కూడా అక్కర్లేదు. బాక్స్ లైట్లు వెలిగి, ఆరి, మళ్లీ మొదటి నుంచి వెలుగుతూ ఉంటే అడాప్టర్ నీరసపడిందని అనుమానించొచ్చు.

కొత్త అడాప్టర్ కొనేటప్పుడు వోల్టులు అచ్చం అంతే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉన్నా సరే, ఎక్కువున్నా సరే, తక్కువ ఉండకూడదు. 1 ఆంపియర్ అడాప్టర్ స్థానంలో 2 ఆంపియర్లది పెడితే ఏ నష్టమూ లేదు, బాక్స్ తనకు కావాల్సినంతే తీసుకుంటుంది. పిన్ను లోపల ప్లస్సా, మైనస్సా అన్నది కూడా పాతదానితో సరిచూసుకోవాలి. అడాప్టర్ మీద ఒక చుక్క, దాని చుట్టూ అర్ధ వలయం ఉన్న చిన్న బొమ్మ ఉంటుంది. చుక్క నుంచి వెళ్లే గీత ప్లస్ గుర్తుకు చేరితే లోపలి భాగం ప్లస్. పిన్ను సరిపోయింది కదా అని ఇంట్లో ఉన్న ఏదో ఒకటి తెచ్చి పెట్టడమే అసలు ప్రమాదం. 5 వోల్టుల బాక్స్‌కు, 9 వోల్టుల బాక్స్‌కు, 12 వోల్టుల బాక్స్‌కు చూడటానికి ఒకేలాంటి పిన్ను ఉంటుంది.

ఈ ఇంట్లో అడాప్టర్ సున్నా చూపించింది. పక్కింటి నుంచి అదే కొలతల అడాప్టర్ తెచ్చి పెడితే నెట్ బాక్స్ లేచింది. ఫైబర్ తీగ లోపలిది గాజు కాబట్టి దాని గుండా కరెంటు రాదు. ఆ తీగకు బలం కోసం పక్కన ఇనుప తీగ ఉంటే మాత్రం, అది బాక్స్‌ను తాకకుండా బయటే ఆపేయాలి. వైఫై బాగానే వస్తోంది, కానీ టీవీ వైపు వెళ్లే నెట్ కేబుల్ పెట్టిన ఒకటో పోర్టు పనిచేయడం లేదు. పిడుగు తర్వాత ఇది తరచుగా కనిపించేదే. పక్క పోర్టులోకి మార్చుకుని అదే బాక్స్‌ను ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. ఒక్క పోర్టు కోసం బాక్స్ మార్చాల్సిన పని లేదు.

సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ బతికే ఉంది. గోడ సాకెట్‌లో పెట్టగానే లైటు వచ్చింది, కానీ సిగ్నల్ లేదు. ఇప్పుడు దోషం డిష్ మీదున్న ఎల్‌ఎన్‌బీదా, బాక్స్ లోపలి ట్యూనర్‌దా? తేల్చడానికి సులువైన దారి, అదే కంపెనీ బాక్స్ ఉన్న ఇంటి నుంచి దాన్ని ఐదు నిమిషాలు తెచ్చి ఈ కేబుల్‌కు పెట్టి చూడటమే. దాంట్లో కూడా సిగ్నల్ రాకపోతే ఎల్‌ఎన్‌బీ గానీ కేబుల్ గానీ పోయినట్టు. అది చౌకగా తేలిపోతుంది. దాంట్లో వచ్చి మన బాక్స్‌లో రాకపోతే ట్యూనర్ పోయింది. ట్యూనర్ మార్చి బాగుచేయించడం కన్నా కంపెనీ నుంచి మార్పిడి బాక్స్ అడగడమే లాభం.

టీవీ: ఎర్ర లైటు ఏం చెబుతుంది

టీవీకి బయట అడాప్టర్ ఉండదు. ఆ పని చేసే పవర్ బోర్డు లోపలే ఉంటుంది. ఇక్కడ ఇంట్లోవాళ్లు స్క్రూడ్రైవర్ పట్టుకోకూడదు. 230 వోల్టుల కరెంటు లోపలికెళ్లి 325 వోల్టుల డీసీగా మారి పెద్ద కెపాసిటర్‌లో నిల్వ ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా ఆ కెపాసిటర్ కొట్టగలదు. చచ్చిన టీవీలో అది ఖాళీ కాకుండా ఇంకా ఎక్కువసేపు నిండి ఉంటుంది. బయటి నుంచి తెలుసుకోగలిగింది చాలానే ఉంది.

ప్లగ్గు తీసి పది నిమిషాలు ఆగి, డిష్, హెచ్‌డీఎంఐ, నెట్ కేబుళ్లన్నీ ఊడదీసి, కరెంటు ఒక్కటే పెట్టి చూడాలి. కొన్నిసార్లు ఇంతమాత్రానికే టీవీ లేస్తుంది. ఎర్ర లైటు అసలే రాకపోతే దోషం చాలావరకు పవర్ బోర్డులో ఉంటుంది. ఇది మంచి కబురు. ఎర్ర లైటు వస్తుంది, బటన్ నొక్కితే మినుకుమంటుంది గానీ టీవీ ఆన్ కాదంటే మెయిన్ బోర్డు మీద అనుమానం. అది అంత మంచి కబురు కాదు. మాట వినిపిస్తూ బొమ్మ కనిపించకపోతే వెనకాల వెలుగిచ్చే ఎల్‌ఈడీ పట్టీలు పోయి ఉండొచ్చు. అది ఎక్కువగా వయసు వల్ల వచ్చే జబ్బు, పాపం పిడుగుది కాదు.

ఉదాహరణలోని టీవీకి ఎర్ర లైటు లేదు. మెకానిక్ తెరిస్తే మొదట చూసేది గాజు ఫ్యూజు. దాని లోపలి తీగ మధ్యలో తెగి, గాజు శుభ్రంగా ఉంటే దెబ్బ చిన్నది. గాజు లోపలంతా నల్లగానో, అద్దంలా మెరుస్తూనో ఉంటే లోపల ఏదో గట్టిగా షార్ట్ అయింది. అలాంటప్పుడు ఫ్యూజు ఒక్కటే మారిస్తే ఆ కొత్తది కూడా ఆ క్షణమే పోతుంది. అందుకే పని తెలిసిన మెకానిక్ నేరుగా ప్లగ్గు పెట్టడు. పాతకాలం 100 వాట్ల బల్బును మధ్యలో సిరీస్‌గా పెట్టి చూస్తాడు. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే బోర్డు సరే. పూర్తి వెలుగుతో అలాగే ఉండిపోతే షార్ట్ ఇంకా ఉంది. షాపులో ఆ బల్బు బోర్డు కనిపించిందంటే సరైన చోటికే వచ్చామని అనుకోవచ్చు.

ఈ టీవీలో ఫ్యూజు నల్లబడింది, పక్కనే ఉన్న నీలం ఎంఓవీ బిళ్ల రెండుగా చీలిపోయింది. బిళ్ల మీద 14D471 అని ఉంది. 14 అంటే బిళ్ల వెడల్పు మిల్లీమీటర్లలో. 471 అంటే 47 పక్కన ఒక సున్నా, అంటే 470 వోల్టుల దగ్గర దారి తెరుస్తుందని. బిళ్ల తీసేసి సిరీస్ బల్బుతో చూస్తే మసకబారింది, అంటే తర్వాతి భాగాలు బాగున్నాయి. కొత్త ఫ్యూజు వేయగానే ఎర్ర లైటు వచ్చింది.

ఇక్కడే గట్టిగా చెప్పి చేయించుకోవాల్సిన పని ఒకటి ఉంది. చీలిన ఎంఓవీ తీసేస్తే టీవీ నడుస్తుంది. దాని స్థానంలో కొత్తది వేయకుండానే మూత బిగించి ఇచ్చేసే మెకానిక్‌లు ఉన్నారు. ఇంటికి తెచ్చాక తేడా ఏమీ కనిపించదు. మళ్లీ గాలివాన వచ్చినప్పుడు అడ్డుకునే బిళ్ల ఉండదు కాబట్టి ఈసారి దెబ్బ నేరుగా లోపలికి పోతుంది. 'భాయ్, అదే నంబరు ఎంఓవీ వేసి, పాతది చేతికివ్వు' అని అడగాలి. బిళ్ల ఖరీదు కొద్ది రూపాయలే. ఫ్యూజు కూడా అంతే. T3.15A అని ఉన్నచోట అదే పెట్టాలి గానీ, పెద్దది పెట్టకూడదు, తీగ చుట్టకూడదు.

ఇంటికి వచ్చాక ఒక చిన్న లోపం బయటపడింది. హెచ్‌డీఎంఐ ఒకటో పోర్టులో బొమ్మ రావడం లేదు, రెండోదాంట్లో వస్తోంది. డిష్ కేబుల్ వెంట వచ్చిన దెబ్బ సెట్‌టాప్ బాక్స్ గుండా హెచ్‌డీఎంఐ తీగ పట్టుకుని టీవీ దాకా వచ్చింది. ఒక పోర్టుతో ఆగింది, అదృష్టం. రెండో పోర్టు వాడుకోవడమే దీనికి మందు.

ఏది బాగవుతుంది, ఏది కాదు

అడాప్టర్‌తో నడిచేవి అడాప్టర్ మార్చగానే లేచే అవకాశం బాగా ఉంటుంది. కొత్త, సరైన అడాప్టర్ పెట్టినా లైటే రాకపోతే ఆశ వదులుకోవచ్చు. నెట్ బాక్స్, సీసీ కెమెరా లాంటివాటి లోపలి బోర్డు బాగుచేయించే ఖర్చుకు కొత్తదే వచ్చేస్తుంది.

టీవీ పవర్ బోర్డులో ఫ్యూజు, ఎంఓవీ, డయోడ్లు, కెపాసిటర్ వరకు దెబ్బ ఆగితే మరమ్మతు వందల రూపాయల్లో తేలుతుంది, నమ్మకంగా నడుస్తుంది. మెయిన్ బోర్డులో పెద్ద చిప్పు పోతే బోర్డు మొత్తం మార్చాలి. పాత మోడల్‌కు ఆ బోర్డు దొరకకపోవచ్చు, దొరికినా వాడి తీసిందే కావచ్చు. మొత్తం ఖర్చు కొత్త టీవీ ధరలో మూడో వంతు దాటితే ఆలోచించాలి, సగం దాటితే వదిలేయడం మేలు. ఒకే బోర్డు మీద రెండు మూడు చోట్ల నల్ల మచ్చలుంటే, ఈ రోజు బాగైనా నెల తర్వాత ఇంకోటి పోవచ్చు. దెబ్బ తిని కూడా అప్పటికి బతికిపోయిన భాగాలు మెల్లగా చావడం పిడుగు కేసుల్లో మామూలే.

మామూలు ఫ్రిజ్‌లో ఎలక్ట్రానిక్ బోర్డు ఉండదు. కంప్రెసర్ పక్కనున్న రిలే, ఓవర్‌లోడ్ వరకే పోతే తేలిక. ఇన్వర్టర్ ఫ్రిజ్, ఇన్వర్టర్ ఏసీల్లో మాత్రం బోర్డే ప్రాణం. దాని ధర ముందే కంపెనీ సర్వీసువాళ్లను అడిగి తెలుసుకోవాలి. పిడుగు, హెచ్చు వోల్టేజీ వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదని కార్డు మీద సాధారణంగా రాసే ఉంటుంది.

పెళ్లి ఫొటోలు, వీడియోలు ఉన్న హార్డ్ డిస్కు పోతే పారేయకండి. చాలాసార్లు పోయేది దాని కింద ఉన్న చిన్న బోర్డే, లోపలి పళ్లెం మీద ఉన్నవన్నీ అలాగే ఉంటాయి. డేటా తీసేవాళ్లకు చూపించేదాకా మళ్లీ మళ్లీ కరెంటు పెట్టకూడదు.

మసీదు యాంప్లిఫయర్ సంగతి ప్రత్యేకం. మినార్ మీది హారన్ల నుంచి పొడవాటి తీగలు కిందికి వస్తాయి కాబట్టి దెబ్బ కరెంటు వైపు కన్నా స్పీకర్ వైపు నుంచే ఎక్కువగా వస్తుంది. వెనకాల మరతో తిప్పి తీసే ఫ్యూజు ఉంటుంది. ప్లగ్గు తీశాకే దాన్ని చూడాలి. అదే కొలత ఫ్యూజు వేసినా వెంటనే పోతే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు షార్ట్ అయి ఉంటాయి. అవి మార్చి బాగుచేసే మెకానిక్‌లు దొరుకుతారు, బాగయ్యే అవకాశమూ మంచిదే. ఉరుములు మొదలవగానే కరెంటు ప్లగ్గుతో పాటు హారన్ తీగలు కూడా ఊడదీసి ఉంచితే ఈ ఖర్చు రాదు.

మళ్లీ పోకుండా

స్విచ్చు ఆపడం చాలదు. స్విచ్చు ఒక్క ఫేజునే, అదీ కొద్ది మిల్లీమీటర్ల సందుతోనే విడదీస్తుంది. కిలోమీటర్ల ఎత్తు నుంచి గాలిని చీల్చుకుని వచ్చినదానికి ఆ సందు ఒక లెక్క కాదు. ప్లగ్గు, డిష్ కేబుల్, నెట్ కేబుల్ మూడూ తీయాలి. ఈ పని మబ్బు దూరంగా ఉన్నప్పుడే చేయాలి. ఉరుములు నెత్తిమీదికి వచ్చాక తీగల జోలికి వెళ్లొద్దు, టీవీ కన్నా మనిషి ముఖ్యం. పుణెలోని ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ ఫోన్‌లో ఉంటే పిడుగులు ఎంత దూరంలో పడుతున్నాయో తెలుస్తుంది.

బ్యాటరీ ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమా వద్దు. కరెంటు ఉన్నంతసేపూ మామూలు ఇన్వర్టర్ బయటి లైనునే లోపలికి పంపిస్తుంది, దాంతో పాటు దెబ్బనూ పంపిస్తుంది. స్టెబిలైజర్ కూడా పిడుగుకు అందుకోలేదు. హై కట్ ఉన్న స్టెబిలైజర్ న్యూట్రల్ తెగినప్పుడు మాత్రం కాపాడుతుంది.

మెయిన్ బోర్డులో పెట్టే సర్జ్ ప్రొటెక్షన్ డివైస్, అంటే ఎస్‌పీడీ, ఇంటికి సరైన రక్షణ. సింగిల్ ఫేజు ఇంటికి టైప్ 2, 320 వోల్టులు, 40 కిలో ఆంపియర్లది అడగాలి. దాని నుంచి ఫేజుకు, ఎర్త్‌కు వెళ్లే తీగలు రెండూ కలిపి అర మీటరు దాటకూడదు. తీగ పొడవైతే దెబ్బ పక్కదారి పట్టకుండా ఇంట్లోకే పోతుంది. న్యూట్రల్ తెగితే ఎస్‌పీడీ కాపాడదు, తానే కాలిపోతుంది. దానికి 270 దగ్గర కరెంటును కోసేసే ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ వేరుగా పెట్టించాలి.

ఎర్త్ బాగోకపోతే ఎస్‌పీడీ ఉత్త పెట్టె. అసలు కష్టం ఈ ప్రాంతంలో ఇక్కడే ఉంది. మార్కాపురం పలకలకు పేరుపడ్డ నేల. పైన మట్టి తక్కువ, కింద రాయి. కడ్డీ కొంచెం దిగగానే రాయి తగులుతుంది, అక్కడికే వదిలేసి పైన మట్టి కప్పేస్తారు. ఎండాకాలం ఆ కాస్త మట్టీ ఎండిపోతుంది. పిడుగులు వచ్చేదీ అప్పుడే. కాబట్టి తగినంత వెడల్పు, లోతుతో గొయ్యి తవ్వించి, బొగ్గు, ఉప్పు పొరలతో నింపించి, మార్చి నుంచి వారానికోసారైనా అందులో నీళ్లు పోయాలి.

ఫేజుకు, ఎర్త్‌కు మధ్య మల్టీమీటర్ 230 చూపించింది కాబట్టి ఎర్త్ బాగుందని కొందరు ఎలక్ట్రీషియన్లు చెప్పేస్తారు. అది చాలదు. మీటర్ తీసుకునే కరెంటు నామమాత్రం, తుప్పు పట్టిన తీగ కూడా దానికి 230 చూపించగలదు. ఎర్త్ టెస్టర్‌తో ఓములు కొలిపించాలి. ఆ పరికరం దొరకకపోతే ఎలక్ట్రీషియన్ చేతనే ఫేజుకు, ఎర్త్‌కు మధ్య 100 వాట్ల బల్బు పెట్టించి చూడాలి. నిండుగా వెలిగితే ఎర్త్ పరవాలేదు, ఎర్రగా మసకగా వెలిగితే గొయ్యి మళ్లీ చేయించాలి. ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంటే ఈ పరీక్షలో అది పడిపోతుంది, అది దాని పనే.

ఎస్‌పీడీ మీద చిన్న కిటికీ ఉంటుంది. ఆకుపచ్చగా ఉన్నంతవరకు అది పనిచేస్తున్నట్టు, ఎరుపైతే అయిపోయినట్టు. ప్రతి పెద్ద గాలివాన తర్వాత బోర్డు తలుపు తీసి ఆ రంగు చూసుకోవాలి. ఎరుపు కనిపిస్తే కొత్తది వేసేదాకా, మబ్బు పట్టినప్పుడల్లా ప్లగ్గులు తీయాల్సిందే.